సీఆర్‌ఆర్‌ అర శాతం పెరిగితే

బ్యాంకు తన డిపాజిట్లలో కొంత భాగాన్ని రిజర్వ్‌ బ్యాంకు దగ్గర తప్పనిసరిగా ఉంచాలి. ఆ భాగాన్ని నగదు నిల్వల నిష్పత్తి, వాడుకలో సీఆర్‌ఆర్‌ అంటారు. దీనిపై 2007 నుంచి బ్యాంకులకు పైసా వడ్డీ రావడం లేదు. 2022 మే 4న, ముందుగా ప్రకటించిన షెడ్యూలులో లేని సమావేశం జరిపి మరీ రిజర్వ్‌ బ్యాంకు దీన్ని 4 నుంచి 4.5 శాతానికి పెంచింది. మే 21న మొదలయ్యే పక్షం నుంచి అమలు. దీనివల్ల బ్యాంకుల చేతిలోంచి 87,000 కోట్ల రూపాయలు పక్కకు వెళ్తాయని అప్పుడే చెప్పింది.

పదివేల కోట్ల డిపాజిట్లున్న ఒక బ్యాంకును తీసుకుంటే, అది ఉంచాల్సిన నిల్వ 400 కోట్ల నుంచి 450 కోట్లకు పెరుగుతుంది. ఆ 50 కోట్లు ఎక్కడినుంచి తేవాలి? ఇచ్చిన అప్పులను రాత్రికి రాత్రి వెనక్కి రమ్మనలేదు. అందుకని మొదట చేతిలోని మిగులు తీస్తుంది. అది లేకపోతే కాల్‌ మనీ మార్కెట్లో ఇంకో బ్యాంకు దగ్గర అప్పు చేస్తుంది, లేదా ప్రభుత్వ బాండ్లు అమ్ముకుంటుంది. అయితే ఆ బాండ్లు కొన్నది మరో బ్యాంకైతే కొరత అటు మారుతుందే తప్ప తీరదు. నిల్వలుగా పనికొచ్చే డబ్బును పుట్టించగలిగింది రిజర్వ్‌ బ్యాంకు ఒక్కటే. అది ఇవ్వనంటే కాల్‌ రేటు ఎగబాకుతుంది. కొత్త రుణాల మంజూరు నెమ్మదించేది ఆ తర్వాతే.

పాఠ్యపుస్తకాల లెక్క దీన్ని మహా భయంకరంగా చూపిస్తుంది. బ్యాంకు అప్పిచ్చిన డబ్బు తిరిగి ఏదో ఒక బ్యాంకులో డిపాజిట్‌ అవుతుంది. అందులో నిల్వ తీసి మిగిలింది మళ్లీ అప్పుగా వెళ్తుంది. ఇలా తిరగ్గా తిరగ్గా, నిష్పత్తి 4 శాతమైతే 100 రూపాయల మూల ద్రవ్యం మీద 2,500 రూపాయల డిపాజిట్లు నిలుస్తాయి. 4.5 శాతమైతే 2,222 రూపాయలే. అంటే అర శాతానికి 11 శాతం కోత!

ఈ లెక్కలో లోపం జనం జేబుల్లో ఉంది. అప్పు తీసుకున్నవాడు మేస్త్రీకి, కూలీలకు ఇచ్చిన నోట్లన్నీ బ్యాంకుకు తిరిగి రావు. మన దేశంలో ఉన్న తీరుకు దగ్గరగా, ప్రతి 100 రూపాయల డిపాజిట్‌కు జనం 18 రూపాయలు నోట్లుగా ఉంచుకుంటారనుకుందాం. 4 శాతం నిల్వ కూడా కలిపితే ప్రతి వంద డిపాజిట్‌కు 22 రూపాయల మూల ద్రవ్యం కావాలి. అప్పుడు 100 రూపాయల మూల ద్రవ్యం మీద 454 రూపాయల డిపాజిట్లు, 82 రూపాయల నోట్లు, మొత్తం 536 రూపాయల ద్రవ్య సరఫరా ఏర్పడుతుంది. ద్రవ్య గుణకం 5.36 అన్నమాట. నిష్పత్తి 4.5 అయితే డిపాజిట్లు 444, నోట్లు 80, మొత్తం 524. గుణకం 5.24కి దిగుతుంది. తగ్గింది రెండు శాతం చిల్లర. నోట్ల వాడకం ఎక్కువున్న చోట సీఆర్‌ఆర్‌ దెబ్బ ఇలా మెత్తబడుతుంది.

2022లో ఆ రెండు శాతం కూడా పడలేదు. కరోనా కాలపు మిగులు అప్పటికి లక్షల కోట్లలో రిజర్వ్‌ బ్యాంకు దగ్గరే మూలుగుతోంది. బ్యాంకులు అక్కడి స్టాండింగ్‌ డిపాజిట్‌ ఖాతాలోంచి తీసి సీఆర్‌ఆర్‌ ఖాతాలో వేసుకుంటే సరిపోయింది. మొదటి ఖాతాలోని సొమ్ము మూల ద్రవ్యం లెక్కలోకి రాదు, రెండోదానిది వస్తుంది. కాబట్టి కాగితం మీద మూల ద్రవ్యం పెరిగి గుణకం తగ్గినట్టు కనిపిస్తుంది. జనం చేతిలోని డబ్బులో మార్పేమీ ఉండదు. సీఆర్‌ఆర్‌ మారినప్పుడల్లా ఆ తొలి ప్రభావాన్ని తీసేసి మూల ద్రవ్యం పెరుగుదలను విడిగా చూపించడం రిజర్వ్‌ బ్యాంకుకు అలవాటు. గణాంకాలు చదివేవారు చూడాల్సింది ఆ రెండో అంకెనే.

బ్యాంకులకు నిజంగా తగిలింది వడ్డీ నష్టం. స్టాండింగ్‌ డిపాజిట్‌పై అప్పటి రేటు 4.15 శాతం. 87,000 కోట్లూ అక్కడినుంచే కదిలాయనుకుంటే ఏడాదికి సుమారు 3,600 కోట్లు పోయినట్టు. రుణగ్రహీత వైపునుంచి చూస్తే ఇది చిన్నదే. 6 శాతానికి తెచ్చిన డిపాజిట్‌ గిట్టుబాటు కావాలంటే అంతకుముందు 6.25 శాతానికి అప్పివ్వాలి, ఇప్పుడు 6.28. రుణాల పెరుగుదల ఆగలేదు సరికదా, ఆ ఏడాది చివరికి 15 శాతం దరిదాపులకు చేరింది.

మిగులు ఉన్నంత మాత్రాన ప్రతిసారీ ఇలాగే సాఫీగా గడుస్తుందని చెప్పలేం. 1936 ఆగస్టు నుంచి 1937 మే వరకు అమెరికా ఫెడరల్‌ రిజర్వ్‌ మూడు విడతల్లో నిల్వల నిష్పత్తులను రెట్టింపు చేసింది. బ్యాంకుల దగ్గర మిగులు పుష్కలంగా ఉందని దాని ధీమా. కానీ బ్యాంకు మూతలను అప్పుడే చూసిన ఆ బ్యాంకర్లకు అది మిగులు కాదు, ఆపద్ధనం. పోయినదాన్ని మళ్లీ కూడబెట్టుకోవడానికి అప్పులు తగ్గించారని, 1937 మాంద్యానికి అదొక కారణమని మిల్టన్‌ ఫ్రీడ్‌మన్‌, అన్నా ష్వార్జ్‌ వాదించారు. ఆ ప్రభావం అంత పెద్దది కాదన్న ఆర్థికవేత్తలూ తర్వాత వచ్చారు.