పల్సు వెడల్పు, టైమర్ టిక్కు

మైక్రోకంట్రోలర్ లోపల టైమర్ అంటే క్లాకు ఒక్కో టిక్కు కొట్టినప్పుడల్లా ఒక అంకె పెరిగే లెక్కపెట్టె. బయటి నుంచి వచ్చే సిగ్నల్ మారిన క్షణాన ఆ అంకె ఎంతుందో హార్డ్‌వేరే వేరే రిజిస్టర్లో దాచిపెట్టడాన్ని ఇన్‌పుట్ క్యాప్చర్ అంటారు. ప్రోగ్రామ్ కాస్త ఆలస్యంగా వచ్చి చదివినా దాచిన అంకె మారదు. అయితే తర్వాతి అంచు వచ్చేలోపే చదవాలి.

ఆర్డుయినో ఉనోలోని ఏటీమెగా 328పి చిప్‌లో ఈ పని టైమర్ 1 చేస్తుంది. సిగ్నల్‌ను 8వ పిన్‌కు ఇస్తే, పట్టిన అంకె `ICR1`లో పడుతుంది. అల్ట్రాసోనిక్ దూరమాపక సెన్సర్ ఎకో పల్సును కొలవడం ఇందుకు మంచి ఉదాహరణ. ముందు పైకి లేచే అంచును పట్టి, ఆ అంకెను పక్కన పెట్టి, కింద పడే అంచును పట్టేలా అమరిక మార్చాలి. రెండు అంకెల తేడాయే పల్సు వెడల్పు.

```c
uint16_t ticks = fall - rise;
```

క్లాకు 16 మెగాహెర్ట్జ్. దాన్ని 8తో భాగిస్తే టిక్కుకు 0.5 మైక్రోసెకన్ పడుతుంది. మొదటి అంకె 60000, రెండోది 6124 అనుకుందాం. లెక్క 65535 దాటి మళ్లీ సున్నా నుంచి మొదలైనా, 16 బిట్ల తీసివేతలో 11660 సరిగ్గానే వస్తుంది. అంటే 5830 మైక్రోసెకన్లు. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు అనుకుంటే, రానుపోను దారిలో సగం, దాదాపు ఒక మీటరు.

టిక్కుల మధ్య ఏం జరిగిందో టైమర్‌కు తెలియదు. పల్సు వెడల్పు 10.4 టిక్కులు అనుకుందాం. టిక్కు కొట్టిన 0.1 టిక్కు తర్వాత మొదలైతే 10.5 దగ్గర ముగుస్తుంది, లెక్క 10. అదే 0.8 దగ్గర మొదలైతే 11.2 దగ్గర ముగుస్తుంది, లెక్క 11. ఇదే క్వాంటైజేషన్ దోషం. ఇది ఎటు పోయినా ఒక టిక్కు లోపే ఉంటుంది. పల్సు ఆరంభానికి క్లాకుతో పొంతన లేకపోతే, చాలా కొలతల సగటు 10.4కు దగ్గరవుతుంది.

అర మైక్రోసెకన్ దోషం దూరంలో 0.09 మిల్లీమీటరు కూడా కాదు. 10 మైక్రోసెకన్ల పల్సులో మాత్రం అదే 5 శాతం.

టిక్కు చిన్నదైతే లెక్క త్వరగా నిండుతుంది. ఇక్కడ 32.768 మిల్లీసెకన్లకే ఒక చుట్టు పూర్తవుతుంది. ఎదురుగా ఏమీ లేనప్పుడు సెన్సర్ 38 మిల్లీసెకన్ల పల్సు ఇస్తే, 76000 టిక్కులకు బదులు 10464 మాత్రమే కనిపిస్తాయి. ఖాళీ స్థలం 90 సెంటీమీటర్ల దూరంలో వస్తువున్నట్టు చూపిస్తుంది. ఓవర్‌ఫ్లోలను కూడా లెక్కపెట్టడం దీనికి ఒక మందు. క్లాకును 64తో భాగించడం మరొకటి. అప్పుడు టిక్కు 4 మైక్రోసెకన్లు, చుట్టు 262 మిల్లీసెకన్లు, దోషం 0.7 మిల్లీమీటరు లోపు. గాలి వేడి 10 డిగ్రీలు మారితే మీటరు దూరంలో వచ్చే తేడా దాదాపు 17 మిల్లీమీటర్లు కాబట్టి, ఈ సెన్సర్‌కు ఆ టిక్కు సరిపోతుంది.