పొట్ట పెరగడానికి కార్టిసాలే కారణమా? ప్రకటనల్లో నిజమెంత?

"మీ పొట్టకు కారణం తిండి కాదు, టెన్షన్. ఈ క్యాప్సూల్ కార్టిసాల్‌ను తగ్గిస్తుంది, పొట్ట కరిగిపోతుంది." ఫోన్ తెరిస్తే చాలు, ఇలాంటి ప్రకటనలు కనిపిస్తున్నాయి. ఇందులో సగం నిజం ఉంది. అందుకే జనం సులువుగా నమ్మేస్తున్నారు.

ముందుగా ఆ నిజం ఏంటో చూద్దాం. కిడ్నీల పైన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్‌ను తయారు చేస్తాయి. ఇది పొద్దున నిద్ర లేచే వేళకు ఎక్కువగా, అర్ధరాత్రికి చాలా తక్కువగా ఉంటుంది. రక్తపోటు, షుగర్ పడిపోకుండా చూసేది కూడా ఇదే. అయితే నెలల తరబడి మోతాదు మించితే మాత్రం కొవ్వు పొట్ట లోపల, పేగుల చుట్టూ చేరుతుంది. అక్కడి కొవ్వు కణాలకు కార్టిసాల్ ప్రభావం ఎక్కువగా తగలడమే దీనికి కారణం. ఈ జబ్బును కుషింగ్ సిండ్రోమ్ అంటారు.

మామూలు టెన్షన్‌తో కార్టిసాల్ ఆ స్థాయికి చేరదు. ఉదాహరణకు 45 ఏళ్ల టైలర్ ఒకరు ఉన్నారనుకుందాం. పండగ సీజన్‌లో రాత్రి ఒంటిగంట దాకా మిషన్ మీదే కూర్చుంటాడు. దుకాణం అద్దె బాకీ దిగులు వేరే. నిద్ర ఐదు గంటలే. మెలకువగా ఉండటానికి నాలుగు కప్పుల ఇరానీ చాయ్, దాంతోపాటు ఉస్మానియా బిస్కెట్లు, అర్ధరాత్రి బిర్యానీ. ఏడాదిలో పొట్ట వచ్చేసింది. ఇక్కడ టెన్షన్ పాత్ర ఉంది, కానీ ఎక్కువగా అది పనిచేసేది దొడ్డిదారిన. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది, మనసు తీపి మీదకు, నూనె వంటల మీదకు పోతుంది, నడక తగ్గుతుంది. అదనంగా తిన్నదే కొవ్వుగా మారుతుంది. క్యాప్సూల్ మింగినా ఆ చాయ్, ఆ బిర్యానీ, ఆ ఐదు గంటల నిద్ర అలాగే ఉంటాయి.

ఈ వ్యాపారం కొత్తదేమీ కాదు. అమెరికాలో కార్టిస్లిమ్ అనే మాత్రను కార్టిసాల్‌ను అదుపు చేసి బరువు తగ్గిస్తుందంటూ టీవీల్లో జోరుగా అమ్మారు. ఆ మాటలకు ఆధారం లేదంటూ అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2004లో కేసు వేసింది. 2007లో కుదిరిన ఒప్పందం ప్రకారం అమ్మకందారులు కనీసం 1.2 కోట్ల డాలర్ల విలువైన ఆస్తులు వదులుకోవాల్సి వచ్చింది.

మరి అశ్వగంధ సంగతేంటి? కొన్ని చిన్న పరిశోధనల్లో దాన్ని వాడినవారికి టెన్షన్, కార్టిసాల్ కొంత తగ్గినట్టు కనిపించింది. అంతమాత్రాన పొట్ట తగ్గుతుందని చెప్పలేం. కొందరిలో లివర్ దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. గర్భిణులు, లివర్ లేదా థైరాయిడ్ సమస్య ఉన్నవారు సొంతంగా వాడకూడదు.

అసలు ప్రమాదం మరోచోట ఉంది. అదే టైలర్ మోకాళ్ల నొప్పులకు ఎవరో ఇచ్చిన పేరులేని పొడిని నెలల తరబడి వాడుతున్నాడనుకోండి. ముఖం గుండ్రంగా ఉబ్బింది, కాళ్లూ చేతులూ సన్నబడ్డాయి, చిన్న దెబ్బకే చర్మం కమిలిపోతోంది, పొట్ట మీద వెడల్పాటి ఊదారంగు చారలు వచ్చాయి, కొత్తగా బీపీ, షుగర్ మొదలయ్యాయి. ఇది టెన్షన్ పొట్ట కాదు. కుషింగ్‌కు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం స్టెరాయిడ్ మందులే. ప్రెడ్నిసోలోన్, డెక్సామెథాసోన్ లాంటివి శరీరంలో కార్టిసాల్ లాగే పనిచేస్తాయి. నాటు మందుల పేరుతో అమ్మే కొన్ని పొడుల్లో వీటిని చెప్పకుండా కలిపిన సందర్భాలు ఉన్నాయి. ఇలాంటి మనిషి దాన్ని టెన్షన్ అనుకుని క్యాప్సూళ్లు కొంటూ పోతే అసలు జబ్బు ముదిరిపోతుంది.

స్టెరాయిడ్ వాడకం ఏదీ లేకుండానే ఈ లక్షణాలు ఉంటే డాక్టర్లు వేరే పరీక్ష చేస్తారు. రాత్రి 11 గంటలకు 1 మిల్లీగ్రామ్ డెక్సామెథాసోన్ మాత్ర ఇచ్చి, మర్నాడు పొద్దున 8 గంటల ప్రాంతంలో రక్తం తీస్తారు. ఆరోగ్యవంతుల్లో అప్పటికి కార్టిసాల్ బాగా పడిపోతుంది. పడిపోకపోతే గ్రంథుల్లో కణితి ఉందేమో వెతుకుతారు. ల్యాబ్ ప్యాకేజీలో పొద్దున ఒక్కసారి చేసే కార్టిసాల్ పరీక్షతో మాత్రం టెన్షన్ ఎంతుందో, పొట్ట ఎందుకొచ్చిందో తేలదు.

ఇంకో మాట. స్టెరాయిడ్ కలిసిందని అనుమానం వచ్చినా, నెలలుగా వాడుతున్న మందును ఒక్కసారిగా ఆపేయకూడదు. అప్పటికే అడ్రినల్ గ్రంథులు పని మానేసి ఉంటాయి. బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. పొడి పొట్లంతో సహా వాడుతున్న మందులన్నీ డాక్టర్‌కు చూపించి, వారు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.