పెళ్లి వంట ఆర్డరు రద్దయింది, అడ్వాన్సు గురించి జవాబు ఎలా రాయాలి?

బహ్రెయిన్‌లో మనవాళ్ల పెళ్లి భోజనాల ఆర్డర్లు ఎక్కువగా వాట్సాప్‌లోనే ఖాయమవుతాయి. పెళ్లి సజావుగా జరిగితే బాధ లేదు. రద్దయితే మాత్రం అడ్వాన్సు దగ్గర ఇద్దరికీ మాట తేడా వస్తుంది. గుదైబియాలో చిన్న కేటరింగ్ నడిపే ఒక అక్కకు ఈమధ్య ఇదే జరిగింది. ఆవిడ రాసిన జవాబును పంపేముందు చూసిపెట్టమని నాకిచ్చారు.

ఆర్డరు 200 మందికి. మనిషికి మూడున్నర దీనార్ల చొప్పున మొత్తం 700. అడ్వాన్సు 300 దీనార్లు బెనిఫిట్ పేలో అందింది. పెళ్లి ఇండియాకు మార్చుకున్నామని ఆరు రోజుల ముందు పెళ్లికొడుకు నాన్నగారు చెప్పారు. "మీరింకా పొయ్యే వెలిగించలేదు కదమ్మా, 300 వెనక్కి పంపు" అన్నది ఆయన వాదన.

అక్క రాసిన జవాబు ఇది: "అడ్వాన్సు తిరిగి ఇవ్వనని ముందే చెప్పాను. మీవల్ల వేరే ఆర్డరు కూడా వదులుకున్నాను. ఇది మీకు న్యాయమేనా? నలుగురిలో పెడతాను."

ఇందులో ఒక్క అంకె లేదు. "ముందే చెప్పాను" అన్నది ఫోన్లో చెప్పిన మాట. రాతలో ఉన్నదల్లా "అడ్వాన్స్ 300 అందింది, మిగతాది ముందురోజు" అన్న ఒక్క లైను. చివరి వాక్యమైతే బెదిరింపే. స్క్రీన్‌షాట్ తీసి నలుగురిలో పెట్టడానికి అవతలివారికి మనమే అందించినట్టు అవుతుంది.

అసలు చిక్కు అడ్వాన్సు అన్న మాటలోనే ఉంది. మాట తప్పితే వదులుకుంటానని ఇచ్చే బయానా ఒకటి, ఇక్కడి వ్యాపారులు దాన్నే అర్బూన్ అంటారు. మొత్తం ధరలో కొంత ముందుగా కట్టడం ఇంకొకటి. మన సుప్రీం కోర్టు 1963లో ఫతేచంద్, బాలకిషన్ దాస్ కేసులో ఈ తేడానే చూసింది. ఇల్లు కొంటానని ఒప్పుకుని తప్పిన మనిషి బయానాగా ఇచ్చిన 1,000 రూపాయలను అమ్మిన వ్యక్తి ఉంచుకోవచ్చంది. ధరలో భాగంగా కట్టిన 24,000 మాత్రం ఊరికే జప్తు చేసుకోవడానికి ఒప్పుకోలేదు. అది ఇండియా చట్టం, ఇక్కడిది వేరు. అయినా "ఇది బయానా" అని రాతలో లేనప్పుడు ఖర్చుల లెక్క చూపించడమే గట్టి దారి అని నాకనిపించింది.

కాబట్టి కోపం పక్కన పెట్టి కాగితం తీశాం. ప్రతి ఖర్చుకూ రెండే ప్రశ్నలు: ఇది ఈ పెళ్లి కోసమే పెట్టిందా? ఇంకెక్కడా రాబట్టుకోలేమా? బియ్యం, పప్పు, నూనెకు 90 దీనార్లు పెట్టారు, కానీ వచ్చే వారం ఆర్డరులో వాడుకుంటారు గనక కొట్టేశాం. సహాయకులిద్దరికి ఆ రోజు కోసం ఇచ్చిన 60 తిరిగి రావు. పాత్రల అద్దెకు కట్టిన 25 కూడా అంతే. వధూవరుల పేర్లు అచ్చయిన స్వీటు డబ్బాలకు 30, వాటిని ఇంకెవరూ కొనరు. నిల్వ ఉంటాయని ముందే చేయించిన కాజాలకు 45 అయింది, వాటిని అమ్మితే 20 వచ్చింది, కాబట్టి నష్టం 25. అన్నీ కలిపితే 140.

వదులుకున్న ఆర్డరు సంగతికి అక్క ఒక పట్టాన ఒప్పుకోలేదు. ఆ నష్టం నిజమే. కానీ అందులో లాభం ఎంత వచ్చేదో చూపించే కాగితం లేదు. బిల్లున్న నాలుగు అంకెల పక్కన బిల్లులేని ఒక్క అంకె పెడితే ఆ నాలుగింటినీ అనుమానిస్తారు. అందుకే తీసేయించాను.

కొత్త జవాబు ఇలా వచ్చింది:

"బాబాయ్ గారూ, నమస్కారం. 14వ తేదీ పెళ్లికి 200 మంది భోజనాల కోసం మీరు 300 దీనార్లు అడ్వాన్సు పంపారు. 8న రద్దు చేస్తున్నామని చెప్పారు. అప్పటికే మీ ఆర్డరు కోసం పెట్టి, తిరిగి రాని ఖర్చులు ఇవి: సహాయకులకు 60, పాత్రల అద్దె 25, పేర్లు వేయించిన డబ్బాలు 30, కాజాలు అమ్మగా పోయినది 25. మొత్తం 140. బిల్లుల ఫొటోలు కింద పెట్టాను. బియ్యం, పప్పు, నూనె నేను వాడుకుంటాను గనక వాటిని లెక్కలో వేయలేదు. మిగిలిన 160 దీనార్లు గురువారంలోగా మీకు పంపిస్తాను. ఏ అంకె మీద సందేహం ఉన్నా అడగండి."

"మీరు సరేనంటేనే 160 పంపిస్తాను" అని రాయలేదు, గమనించండి. తగాదా లేని డబ్బును ఆపి ఉంచితే 140 మీద ఉన్న వాదన 300 మీదకి పాకుతుంది. ఇక్కడ కోర్టుకు వెళితే వ్యవహారమంతా అరబీలో నడుస్తుంది, కాగితాలు అనువాదం చేయించుకోవాలి. ఈపాటి డబ్బుకు ఇద్దరికీ అది గిట్టుబాటు కాదు.

ఆయన ఒక్క డబ్బాల బిల్లు గురించి మాత్రం అడిగారు. అక్క డబ్బా మీద పేర్లు కనబడేలా ఫొటో తీసి పంపారు. గురువారం 160 వెళ్లింది. ఇప్పుడు అక్క ఆర్డరు ఖాయం చేసే మెసేజ్‌లో ఈ లైను ఉంటోంది: "100 దీనార్లు బయానా, రద్దయితే తిరిగి రాదు, ఆపైన ఇచ్చినది భోజనం ధరలో భాగం, అప్పటిదాకా అయిన ఖర్చు పోను వాపసు." డబ్బు తీసుకునేది అవతలివాళ్లు దానికి "సరే" అని జవాబిచ్చాకే.