కాగితాలు చాలలేదని బీమా కంపెనీ రాస్తే

క్లెయిమ్ పెట్టిన కొన్నాళ్లకు "ఈ కింది పత్రాలు అందలేదు" అని కంపెనీ నుంచి ఉత్తరం వస్తుంది. అది చూసి డబ్బు ఇక రాదనుకుని ఊరుకునేవాళ్లు మనలో ఉన్నారు. అది తిరస్కరణ కాదు, అడగడం మాత్రమే. గడువులోగా జవాబు ఇవ్వకపోతే మాత్రం ఫైలు మూసేస్తారు.

హోసూరులో మన సభ్యులొకరు కంటిశుక్లం ఆపరేషన్ చేయించుకుని, సొంత డబ్బు కట్టి, తర్వాత క్లెయిమ్ పెట్టారు. కంపెనీ నాలుగు అడిగింది. ఆయన ఇంట్లో ఉన్న కాగితాలన్నీ ఒక కవర్లో పెట్టి తెచ్చారు. అలా పంపితే ఏది దేనికి జవాబో అక్కడి గుమస్తాకు తెలియదు. నేనూ గుమస్తాగానే రిటైరయ్యాను, ఆ బల్ల సంగతి నాకు తెలుసు. కంపెనీ వేసిన నంబర్ల వరుసలోనే జవాబు ఉండాలి. మేం ఇంగ్లీషులో రాసి పంపినదాని తెలుగు ఇది:

విషయం: పాలసీ నంబరు, క్లెయిమ్ నంబరు. ఫలానా తేదీ మీ ఉత్తరానికి జవాబు.
1. లెన్స్ స్టిక్కరు, ఇన్‌వాయిస్: కేస్ షీటులో స్టిక్కరు అంటించిన పేజీకి ఆస్పత్రి ముద్ర వేసిన జిరాక్సు, ఇన్‌వాయిస్ జిరాక్సు. 2 పేజీలు.
2. బిల్లు వివరాలు: ఆస్పత్రి ఇచ్చిన ఒరిజినల్. 3 పేజీలు.
3. డబ్బు కట్టిన రసీదు: ఒరిజినల్ క్లెయిమ్ ఫారంతోనే ఇచ్చాను. మీరు ముద్ర వేసి ఇచ్చిన అక్నాలెడ్జిమెంటు జిరాక్సు, బ్యాంకు స్టేట్‌మెంటు. 2 పేజీలు.
4. పేరులో తేడా: సంతకం చేసిన వివరణ, ఆధార్ జిరాక్సు. 2 పేజీలు.
మొత్తం 9 పేజీలు.

లెన్స్ డబ్బాతో వచ్చే స్టిక్కరు మీద దాని రకం, పవరు, సీరియల్ నంబరు ఉంటాయి. బిల్లులో ఉన్న లెన్సే కంట్లో పెట్టారా అని కంపెనీ చూసేది దాంతోనే. ఆస్పత్రివాళ్లు దాన్ని కేస్ షీటులో అంటించేస్తారు కాబట్టి రోగి చేతికి రాకపోవచ్చు. అప్పుడు రికార్డుల విభాగంలో అడిగి ఆ పేజీ జిరాక్సు తీసుకోవాలి.

మూడోది చూడండి. ముందే ఇచ్చినదాన్ని మళ్లీ అడిగితే ఆ నంబరు ఖాళీగా వదలకూడదు, కోపంగానూ రాయకూడదు. ఎప్పుడు ఇచ్చామో రాసి రుజువు పెట్టాలి.

నాలుగోది మనవాళ్లకే ఎక్కువగా వచ్చే చిక్కు. తమిళనాడులో ఇనిషియల్ అంటే తండ్రి పేరు మొదటి అక్షరం, మనకేమో ఇంటిపేరు. పాలసీలో ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి పడితే ఇద్దరు మనుషులనుకుంటారు. వివరణలో రెండు పేర్లూ పూర్తిగా రాసి, రెండు పత్రాల్లోనూ పుట్టిన తేదీ, చిరునామా ఒకటేనని చూపించాలి. అది చాలదంటే నోటరీ అఫిడవిట్ ఇవ్వాలి.

పంపేముందు పేజీలకు పెన్సిల్‌తో నంబర్లు వేసి, మొత్తం సెట్టు జిరాక్సు తీసి, స్పీడ్ పోస్టు రసీదు దానికే అంటించి దాచుకోండి.

ఇంత చేసినా తేలకపోతే కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోతే బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు, ఫీజు లేదు. తమిళనాడువారికి చెన్నై, కర్ణాటకవారికి బెంగళూరు, ఒడిశావారికి భువనేశ్వర్. యానాంవారు చెన్నైకి పంపకండి, మీది హైదరాబాదు కార్యాలయం.