అమ్మకాలు పడిపోయిన మూడు నెలల తర్వాత రాసే ఉత్తరం

"ఈ క్వార్టర్‌లో మీ సైట్‌కు వచ్చినవారి సంఖ్య గత ఏడాదితో పోలిస్తే 5 శాతం పెరిగింది."

ప్రకటనల ఏజెన్సీలో ఎనలిస్టు మూడు నెలలకోసారి క్లయింటుకు రాసే ఉత్తరం ఇలా మొదలైతే యజమానికి వెంటనే అనుమానం రావాలి. ఆ వాక్యంలో అబద్ధం ఉండకపోవచ్చు. కానీ దుకాణం నడిపే మనిషి సైట్‌కు ఎంతమంది వచ్చారని అడగడు, ఎన్ని చీరలు అమ్ముడుపోయాయని అడుగుతాడు. మొదటి వాక్యం ఆ ప్రశ్నను తప్పించుకుందంటే జవాబు బాగాలేదన్నమాట.

ఈ ఉత్తరం ఎలా తయారవుతుందో చూడటానికి ఒక కేసు ఊహించుకుందాం. హైదరాబాద్‌లో ఒక చీరల వ్యాపారి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. ఆయన ప్రకటనలను ఒక ఏజెన్సీ చూస్తుంది, గూగుల్‌లోనూ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలోనూ డబ్బు పెడుతుంది. 2025 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 90 లక్షల అమ్మకం లక్ష్యం, వచ్చింది 62 లక్షల 40 వేలు. అంతకు ముందు ఏడాది అవే నెలల్లో 80 లక్షలు వచ్చాయి. ప్రకటనల ఖర్చు మాత్రం 16 లక్షల నుంచి 18 లక్షలకు పెరిగింది. అంటే రూపాయి ఖర్చుకు అయిదు రూపాయల అమ్మకం జరిగిన చోట ఇప్పుడు మూడున్నర కూడా రాలేదు. దుకాణం, అంకెలు కల్పితం. పండగలు, ముహూర్తాల తేదీలు మాత్రం నిజమైనవే.

ఉత్తరం మొదటి పేరాలో ఉండాల్సింది పై నాలుగు అంకెలే. అవి కూడా దుకాణం బిల్లుల పుస్తకంలోంచి తీసినవి అయ్యుండాలి. ఇక్కడ చాలామంది ఎనలిస్టులకు కాలు జారుతుంది. గూగుల్ తన లెక్కలో తాను 950 ఆర్డర్లు తెచ్చానంటుంది, ఫేస్‌బుక్ వాళ్ల లెక్కలో మరో 900 ఉంటాయి. కలిపితే 1,850. దుకాణంలో బిల్లులు చూస్తే 1,600. ఒకావిడ ఇన్‌స్టాగ్రామ్‌లో చీర ప్రకటన నొక్కి చూసి, రెండు రోజుల తర్వాత గూగుల్‌లో దుకాణం పేరు వెతికి కొంటుంది. ఆ ఒక్క చీరను ఇద్దరూ తమ ఖాతాలో రాసుకుంటారు. ఫేస్‌బుక్ మామూలు అమరికలో అయితే ప్రకటన నొక్కిన ఏడు రోజుల్లోపు కొన్నా, నొక్కకుండా చూసిన ఒక రోజులోపు కొన్నా అది వాళ్ల లెక్కలోకే వస్తుంది. బాగా నడిచిన మూడు నెలల్లో ఈ తేడాను ఎవరూ పట్టించుకోరు. అమ్మకం పడిపోయినప్పుడు మాత్రం పెద్ద అంకె వైపు చెయ్యి వెళ్తుంది.

మొదటి పేరా అయ్యాక వచ్చేది అసలు పని. లోటును ముక్కలు చేయాలి.

2024లో ఆ మూడు నెలల్లో సైట్‌కు 2 లక్షల విజిట్లు, 2,000 ఆర్డర్లు, సగటు బిల్లు 4,000. 2025లో 2 లక్షల 10 వేల విజిట్లు, 1,600 ఆర్డర్లు, సగటు బిల్లు 3,900. సగటు బిల్లులో పెద్ద మార్పు లేదు. వచ్చినవారు పెరిగారు, కొన్నవారు తగ్గారు. కాబట్టి తేల్చాల్సింది ఒక్కటే: ఆ 400 ఆర్డర్లు ఎక్కడికి పోయాయి?

"మార్కెట్ డల్‌గా ఉంది" అని ఒక్క మాటలో తేల్చేయవచ్చు. "జీఎస్టీ మారింది కదండీ" అంటే ఇంకా బాగా అతుకుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రేట్లు మారిన మాట నిజమే. 2,500 రూపాయలు దాటిన రెడీమేడ్ దుస్తులపై పన్ను 12 నుంచి 18 శాతమైంది. కానీ కుట్టని చీర వస్త్రం కిందికి వస్తుంది, దాని మీద పన్ను ముందూ 5 శాతమే, తర్వాతా 5 శాతమే. చీరల వ్యాపారికి ఈ కారణం చెప్పిన ఎనలిస్టు ఇక ఆ ఉత్తరంలో ఏం రాసినా నమ్మరు.

నిజమైన కారణం దొరకాలంటే తేదీల వారీగా చూడాలి. 2024లో దసరా అక్టోబరు 12న వచ్చింది. నవరాత్రుల కొనుగోళ్లలో చాలా భాగం అక్టోబరులోనే పడ్డాయి. 2025లో దసరా అక్టోబరు 2. బతుకమ్మ, నవరాత్రులు చాలావరకు సెప్టెంబరులోనే గడిచిపోయాయి. మన దుకాణంలో అక్టోబరు 3 నుంచి 12 దాకా నిరుడు 260 ఆర్డర్లు, ఈసారి 140. అంటే 120 తక్కువ. ఇది పండగ ముందుకు జరగడం వల్లేనని రుజువు చేయాలంటే సెప్టెంబరు చివరి పది రోజులు చూడాలి. అక్కడ నిరుటి కంటే 115 ఎక్కువ కనిపిస్తే ఆ ఆర్డర్లు పోలేదు, వెనకటి క్వార్టర్‌లో చేరాయంతే. అలా కనిపించకపోతే పండగ పేరు చెప్పే హక్కు ఎనలిస్టుకు లేదు.

రెండో ముక్క పెళ్లి చీరలు. 2025 నవంబరు ఆఖరి వారంలో మొదలైన శుక్ర మౌఢ్యం 2026 ఫిబ్రవరి మధ్య దాకా సాగింది. మూఢంలో పెళ్లిళ్లు పెట్టుకోరు. నిరుడు డిసెంబరు మొదటి పక్షంలో ముహూర్తాలున్నాయి, ఈసారి లేవు. ఆ వారాల్లో పట్టుచీరల ఆర్డర్లు 180 నుంచి 80కి పడ్డాయి, అదే సమయంలో రోజువారీ చీరలు పడలేదు. మరో 100కు లెక్క తేలింది.

ఇంతవరకూ రాసి ఆగిపోతే ఉత్తరం బాగానే ఉన్నట్టుంటుంది. సగానికి పైగా లోటు గ్రహాల మీదికి, పండగల మీదికి పోయింది. కానీ చదివే యజమానికి ఒక ప్రశ్న వస్తుంది, రావాలి కూడా: పంచాంగం ఉగాదికే చేతికి వస్తుంది కదా, దసరా ఎప్పుడో, మూఢం ఎప్పుడో ఆరు నెలల ముందే తెలుసు కదా, మరి 80 లక్షల మీద ఇంకో పది లక్షలు కలిపి 90 అని లక్ష్యం ఎలా పెట్టారు? కొనేవారు ఎందుకు తగ్గారో చెప్పడానికి పంచాంగం పనికొస్తుంది. ఎనలిస్టును కాపాడటానికి పనికిరాదు. ఆ మాట ఆయన అడగకముందే ఉత్తరంలో రాయడం మేలు: "ఈ 220 ఆర్డర్ల తగ్గుదల ముందే ఊహించదగ్గది. లక్ష్యం పెట్టేటప్పుడు మేము నిరుటి తేదీలనే తీసుకున్నాం. లక్ష్యాన్ని ఇప్పుడు వెనక్కి వెళ్లి మార్చడం లేదు, లోటును లోటుగానే చూపిస్తున్నాం."

మిగిలిన 180 దగ్గర రాయడం కష్టమవుతుంది. ఎందుకంటే ఇందులో చాలా భాగం క్లయింటు నిర్ణయం. పార్సిళ్లు తిరిగి వచ్చేస్తున్నాయని విసిగి ఆయన నవంబరు 10న క్యాష్ ఆన్ డెలివరీ తీసేశారు. మర్నాటి నుంచి చిన్న ఊళ్ల ఆర్డర్లు పడ్డాయి, ముందు నుంచీ ఫోన్‌లోనే డబ్బు కట్టే నగరాల్లో తేడా లేదు. అంత స్పష్టమైన గీత ఉంటే కారణం మీద పెద్దగా వాదన ఉండదు. ఆ ఊళ్ల నుంచి 130 ఆర్డర్లు తగ్గాయి. అయితే మీ నిర్ణయం వల్ల 130 పోయాయని రాస్తే అది సగం నిజం. పాత లెక్క ప్రకారం వాటిలో 40 దాకా ఎవరూ తీసుకోక తిరిగొచ్చేవే, పైగా రానూపోనూ కొరియర్ ఖర్చు దుకాణానిదే. అసలు పోయిన అమ్మకాలు 90. తప్పించుకున్న కొరియర్ ఖర్చును పక్కనే చూపిస్తే ఆయన నిర్ణయం మంచిదో కాదో ఆయనే తేల్చుకుంటారు. ఎనలిస్టు తీర్పు చెప్పాల్సిన పని లేదు, రెండు అంకెలూ పక్కపక్కన పెడితే చాలు. ఇంకో మాట. గత ఏడాది చూపిన 80 లక్షలలో కూడా తిరిగొచ్చిన సరుకు కలిసి ఉంది. రిటర్న్‌లు తీసేసి రెండేళ్లనూ పోలిస్తే పతనం కొంత తగ్గుతుంది. ఆ లెక్క ఇవ్వాలి, కానీ మొదటి పేరాలో కాదు. అక్కడ పెడితే సర్దుబాటులా కనిపిస్తుంది.

చివరి 50 ఏజెన్సీవి. అక్టోబరులో వాళ్లు ఒక కొత్త ప్రచారం మొదలుపెట్టారు. ఇదివరకు చీరలు కొన్నవారికీ, వెతికినవారికీ కాకుండా ఎవరికి పడితే వారికి కనిపించే ప్రకటనలు. వాటి మీద 3 లక్షలు పోయాయి. అదనంగా పెంచినవి 2 లక్షలే కాబట్టి, లక్ష రూపాయలు బాగా నడుస్తున్న పాత ప్రకటనల నుంచి లాక్కున్నారు. కొత్త ప్రచారం తెచ్చింది 40 ఆర్డర్లు, ఒక్కోదానికి 7,500 ఖర్చు. సగటు బిల్లు 3,900 ఉన్న దుకాణంలో ఇది నిలువు నష్టం. పాత ప్రకటనల్లో ఒక్కో ఆర్డరుకు ఖర్చు వెయ్యి రూపాయల లోపే. ఆఖరి లక్ష మొదటి లక్ష అంత పని చేయదనుకున్నా అక్కడ 90 ఆర్డర్లు వచ్చేవి. తేడా 50. మొదట మనం చూసిన 5 శాతం పెరుగుదల ఈ ప్రచారం తెచ్చిన విజిట్లే. పెరిగాయని గొప్పగా చెప్పిన అంకె, డబ్బు వృథా అయిన చోటూ ఒకటే.

ఈ భాగాన్ని ఎలా రాస్తారన్న దాన్ని బట్టి ఏజెన్సీ ఎలాంటిదో తెలుస్తుంది. "కొత్త వర్గాలకు చేరువయ్యే ప్రయత్నంలో ఆశించిన ఫలితాలు రాలేదు" అని రాస్తే ఎవరు ఏం చేశారో తెలియదు. "అక్టోబరు మూడో వారానికే ఈ ప్రచారం నష్టమని మా లెక్కల్లో కనిపించింది. ఇంకా కాస్త చూద్దామని డిసెంబరు దాకా నడిపాం. ఆపాల్సింది." ఇలా మూడు వాక్యాలు చాలు. క్షమాపణ ఒక్కసారి సరిపోతుంది, అదే మాట పేరా పొడవునా సాగితే చదివేవారికే ఇబ్బంది.

అసలు ఈ వార్త ఉత్తరంలోనే మొదటిసారి తెలియకూడదు. నవంబరులోనే ఫోన్ చేసి, "ఈ నెల లెక్క బాగా లేదండీ" అని చెప్పి ఉండాలి. మూడు నెలలు మౌనంగా ఉండి జనవరిలో రెండు పేజీలు పంపితే, అందులో ఎంత నిజాయతీ ఉన్నా ఆయనకు గుర్తుండేది మౌనమే.

ఇక వచ్చే మూడు నెలల ప్రణాళిక. ఇక్కడ పది సూచనలు గుప్పించడం మామూలు అలవాటు. మన కేసులో రెండు చాలు. మూఢం ఫిబ్రవరి మధ్య దాకా ఉంది కాబట్టి పట్టుచీరల ప్రకటనలు అప్పటిదాకా సగానికి తగ్గించి, ముహూర్తాలు మొదలయ్యే ముందు వారం నుంచి పెంచాలి. రెండోది చిన్న ఊళ్ల సమస్య. క్యాష్ ఆన్ డెలివరీ పూర్తిగా తిరిగి తేకుండా, 200 రూపాయలు ముందుగా ఫోన్‌లో కట్టించుకుని మిగతాది ఇంటి దగ్గర తీసుకునే పద్ధతిని నాలుగు జిల్లాల్లో నాలుగు వారాలు పెట్టి చూడవచ్చు. ముందు డబ్బు కట్టినవారు పార్సిల్ వెనక్కి పంపడం తగ్గుతుందని ఆశ, అది నిజమో కాదో ఆ నాలుగు వారాల్లో తేలుతుంది. ఏది జరిగితే ఆపేస్తారో కూడా అక్కడే రాయాలి: వందకు పదిహేను కంటే ఎక్కువ పార్సిళ్లు తిరిగొస్తే ప్రయోగం ఆగిపోతుంది, ఆర్డర్లు ఎన్ని పెరిగినా సరే. ఆ 15 అనే అంకెను కొరియర్ ఖర్చూ, చీర మీద మిగిలే లాభమూ దగ్గర పెట్టుకుని క్లయింటుతో కలిసి నిర్ణయించాలి. అందుకే ఉత్తరం చివర సంతకానికి పైన ఒక ప్రశ్న ఉంటుంది: "ఒక్కో చీర మీద ఖర్చులన్నీ పోగా మీకు మిగిలేది ఎంతో చెప్పగలరా?" ఏళ్ల తరబడి పని చేస్తున్నా చాలా ఏజెన్సీలు క్లయింటును ఈ ఒక్క సంగతి అడిగి ఉండవు.