కరెంటు పోయినప్పుడు పట్టుకునే బ్రేకు

జీడిమెట్లలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో ఒక షెడ్డులో హాయిస్టుకు టన్ను బరువు వేలాడుతుండగా కరెంటు పోయిందనుకోండి. మోటారుకు ఇక బలం ఉండదు. అయినా బరువు ఉన్నచోటే నిలుస్తుంది. దాన్ని పట్టుకునేది మోటారు వెనకవైపు కవరు లోపల ఉండే బ్రేకు. సైకిలుకో కారుకో బ్రేకు వెయ్యాలంటే మనం నొక్కాలి. ఇది ఎప్పుడూ వేసే ఉంటుంది. దాన్ని విడిపించడానికే కరెంటు కావాలి.

మోటారు షాఫ్టు వెనక కొసన పళ్లున్న హబ్ ఉంటుంది. రెండు పక్కలా లైనింగ్ ఉన్న డిస్కు దాని మీద కూర్చుని షాఫ్టుతో పాటు తిరుగుతుంది. డిస్కుకు ఒక పక్క కదలని పలక, మరో పక్క ఆర్మేచర్ అనే ఇనుప పలక ఉంటాయి. ఆర్మేచర్ వెనకున్న స్ప్రింగులు దాన్ని డిస్కు మీదికి నెట్టి, రెండు పలకల మధ్య డిస్కును బిగిస్తాయి. కాయిల్‌కు కరెంటు అందగానే అది అయస్కాంతమై స్ప్రింగుల బలాన్ని గెలిచి ఆర్మేచర్‌ను తన వైపు లాగుతుంది. అది జరిగే దూరం సాధారణంగా 0.2 నుంచి 0.5 మిల్లీమీటర్లే. డిస్కు విడిపోయి తిరగడానికి ఆ సందు చాలు.

లైనింగ్ అరిగేకొద్దీ ఈ సందు పెరుగుతుంది. అయస్కాంతం లాగే బలం మాత్రం దూరంతో చాలా వేగంగా పడిపోతుంది. సందు రెట్టింపైతే బలం సుమారు నాలుగో వంతే మిగులుతుంది. అప్పుడు కాయిల్ ఆర్మేచర్‌ను పూర్తిగా లాగలేదు. మోటారు బ్రేకును ఈడ్చుకుంటూ తిరుగుతుంది, వేడెక్కుతుంది, లైనింగ్ కాలిన వాసన వస్తుంది. చాలామంది అప్పుడు మోటారునే అనుమానిస్తారు. ముందు ఫీలర్ గేజ్‌తో ఆ సందు కొలవాలి.

ఇక ఎంత బ్రేకు కావాలో చూద్దాం. బరువు 1000 కిలోలు. తాడు ఒకే వరుసలో నేరుగా దిగుతోంది. డ్రమ్ వ్యాసార్థం 0.15 మీటర్లు, గేర్‌బాక్స్ నిష్పత్తి 50. బరువు లాగే బలం 9,810 న్యూటన్లు కాబట్టి డ్రమ్ మీద టార్క్ దాదాపు 1,470 న్యూటన్ మీటర్లు. దాన్ని 50తో భాగిస్తే మోటారు షాఫ్టు దగ్గర 29.4 వస్తుంది. గేర్ల రాపిడి కూడా బరువును పట్టుకోవడానికి సాయపడుతుంది కానీ లెక్కలో దాన్ని నమ్ముకోకూడదు. నూనె మారినా, గేర్లు అరిగినా అది మారిపోతుంది. ఎత్తే యంత్రాలకు రెట్టింపు తీసుకోవడం వాడుక కాబట్టి 58.8 కావాలి. దొరికే సైజుల్లో 60 న్యూటన్ మీటర్ల బ్రేకు సరిపోతుంది. ఎందుకైనా మంచిదని 150 పెడితే, బరువు ఆగిన ప్రతిసారీ గేర్లకూ తాడుకూ పెద్ద కుదుపు తగులుతుంది.

చాలామంది లెక్క ఇక్కడితో ఆపేస్తారు. నా దృష్టిలో అసలు ప్రమాదం దీని తర్వాతే ఉంది. స్విచ్ ఆపిన క్షణానికీ స్ప్రింగులు డిస్కును పట్టే క్షణానికీ మధ్య కొంత సమయం గడుస్తుంది. ఆ సమయంలో బరువును ఆపేది ఏదీ లేదు, అది వేగం పుంజుకుంటుంది.

ఆ సమయం ఎంతన్నది వైరింగ్‌ను బట్టి ఉంటుంది. బ్రేకు కాయిల్‌కు డీసీ కావాలి కాబట్టి మధ్యలో రెక్టిఫయర్ ఉంటుంది. ఏసీ వైపు మాత్రమే కరెంటు తెంపితే, కాయిల్‌లో మిగిలిన కరెంటు రెక్టిఫయర్ డయోడ్ల గుండా తిరుగుతూ మెల్లగా చస్తుంది. డీసీ వైపు కూడా తెంపితే వెంటనే ఆరిపోతుంది. పైగా రెక్టిఫయర్‌ను మోటారు టెర్మినల్స్ నుంచే తీసుకుంటే, ఇంకా తిరుగుతున్న మోటారు పుట్టించే వోల్టేజీ కూడా బ్రేకును కాసేపు విడిచే ఉంచుతుంది.

మన హాయిస్టులో బరువు సెకనుకు 0.45 మీటర్ల వేగంతో దిగుతోంది, షాఫ్టు దగ్గర మొత్తం జడత్వం 0.03 కిలోగ్రామ్ చదరపు మీటర్లు అనుకుందాం. బ్రేకు పట్టడానికి 0.03 సెకన్లు పడితే బరువు సుమారు 6 సెంటీమీటర్లలో ఆగుతుంది. 0.2 సెకన్లు పడితే వేగం రెట్టింపు దాటి, ఆగేసరికి దాదాపు 33 సెంటీమీటర్లు దిగిపోతుంది. రెండు చోట్లా ఉన్నది అదే 60 న్యూటన్ మీటర్ల బ్రేకు.

అందుకే హాయిస్టు బ్రేకును డీసీ వైపు తెంపాలి. ఆ కాంటాక్టు దగ్గర పుట్టే అధిక వోల్టేజీని మింగే వేరిస్టర్ కూడా ఉండాలి. డ్రైవు వాడే చోట కాయిల్‌కు విడిగా సప్లై ఇవ్వాలి. డ్రైవు అవుట్‌పుట్ వోల్టేజీ వేగంతో పాటు మారుతుంది కాబట్టి అది కాయిల్‌కు పనికిరాదు. మనుషులెక్కే లిఫ్టులకు నియమాలు వేరు. వాటి బ్రేకులో పట్టే భాగాలు రెండు జతలు ఉండాలి, ఈ లెక్కను అక్కడ వాడకూడదు.

మీ షెడ్డులో హాయిస్టు ఉంటే స్టాప్ నొక్కాక బరువు ఎంత జారి ఆగుతోందో కొలిచి రాసి పెట్టుకోండి. నెల నెలా ఆ కొలత పెరుగుతుంటే కింద ఎవరినీ నిలబడనివ్వకుండా, బ్రేకు విప్పి చూడండి.