‘జీరో వడ్డీ’ కంతులు ఒకదానిపై ఒకటి పడితే

ఎండాకాలంలో ఏసీ కొనడానికి షాపుకెళ్తే ధర 36,000 అన్నారు. ‘12/4 స్కీమ్ తీసుకోండి సార్, వడ్డీ ఉండదు’ అంటాడు ఫైనాన్స్ కౌంటర్ కుర్రాడు. నెలకు 3,000 చొప్పున పన్నెండు కంతులన్నమాట. నాలుగు కంతులు, అంటే 12,000 అక్కడికక్కడే కట్టాలి. కాబట్టి అసలు అప్పు 24,000, గడువు ఎనిమిది నెలలే.

ప్రాసెసింగ్ ఫీజు 700 అనుకుందాం. 18 శాతం జీఎస్టీతో 826 అవుతుంది. ప్రతి నెలా అప్పు తగ్గుతూ పోతుంది కనుక ఈ ఎనిమిది నెలల్లో మన దగ్గర ఉండే సొమ్ము సగటున 13,500 మాత్రమే. దానిపై 826 అంటే ఏడాదికి తొమ్మిది శాతం పైమాటే. నగదు ఇస్తే షాపువాడు 1,500 తగ్గించేవాడనుకోండి, ఆ తగ్గింపునూ కలిపితే ఈ ‘జీరో’ దాదాపు పాతిక శాతానికి చేరుతుంది.

అయినా సంసారాన్ని కుంగదీసేది ఈ వడ్డీ ఒక్కటే కాదు. ఒకసారి ఈఎమ్ఐ కార్డు చేతికొచ్చాక ఇంటి ఖర్చెంతో అడిగేవాళ్లుండరు. లిమిట్ మిగిలిందా లేదా అన్నదే చూస్తారు. 28,000 జీతం వచ్చే ఇంట్లో ఏసీకి 3,000 కడుతూనే జూలైలో 24,000 ఫోను ఏడాది వాయిదాల మీద వచ్చింది. దసరా ఆఫర్లో 18,000 వాషింగ్ మెషిన్‌కు తొమ్మిది వాయిదాలు మొదలయ్యాయి. సరుకులూ బట్టలూ ‘పే లేటర్’ యాప్‌లో, నెలకు 3,500. విడివిడిగా చూస్తే ఏదీ పెద్దది కాదు. నవంబరులో కూడితే 10,500! అద్దె 9,000 పోను మిగిలేది 8,500. దాంతో నెలంతా గడవదు కనుక మళ్లీ యాప్‌లోనే కొంటారు. అంటే వచ్చే నెల జీతంలో కొంత ఈ నెలే ఖర్చయిపోయినట్టు.

ఇక జీతం ఏడో తేదీకి పడితే, ఆటో డెబిట్ ఐదునే వస్తుంది. ఖాతాలో డబ్బు లేకపోతే అప్పిచ్చిన సంస్థ, మన బ్యాంకు రెండూ బౌన్స్ చార్జీ వేస్తాయి. చెరో 500 అనుకున్నా, రెండు వాయిదాలు తప్పితే 2,000. సరిగ్గా ఫోను కంతు! బ్యాంకుకు చెప్పి ఆటో డెబిట్ ఆపించినా బాకీ ఆగదు, పైగా క్రెడిట్ రిపోర్టుకు ఎక్కుతుంది.

సంతకం పెట్టే ముందు నగదు ధర అడగండి. ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ చేతికిమ్మనండి. ఫీజులతో కలిపిన వార్షిక రేటు అందులో ఉండి తీరాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. యాప్‌లో తీసుకున్న అప్పయితే మనసు మార్చుకోవడానికి కొంత గడువూ ఉంటుంది, ఎన్ని రోజులో అందులోనే చూసుకోవచ్చు. ఇప్పటికే ఎన్ని కంతులున్నాయో గుర్తులేకపోతే క్రెడిట్ రిపోర్టు తీయండి. ప్రతి క్రెడిట్ బ్యూరో దాన్ని ఏడాదికోసారి ఉచితంగా ఇవ్వాల్సిందే.